రోజువారీ ఎన్ని, వారంవారీ ఎన్ని, నెలవారీ ఎన్ని: అకౌంట్ల బ్యాకప్ ప్రతుల లెక్క

బ్యాకప్ ప్రతులు ఎన్ని ఉంచాలని అడిగితే, డిస్కులో చోటు ఉన్నన్ని అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. చోటు నిండగానే పాతవి తుడిచేసి కొత్తవి పెట్టడం చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా అలవాటుగా సాగుతున్న పద్ధతి. ఆ పద్ధతిలో ప్రతుల సంఖ్యను నిర్ణయించేది డిస్కు పరిమాణం మాత్రమే. ఏ ప్రతి ఎందుకు ఉంచుతున్నామన్న విషయానికి అందులో తావులేదు. నిజానికి ఈ లెక్కకు ఆధారం రెండు తేదీలు. మొదటిది డేటా చెడిపోయిన తేదీ, రెండోది అది చెడిపోయిందని ఎవరో ఒకరు గమనించిన తేదీ. చెడిపోకముందు తీసినదై, గమనించిన రోజు వరకూ తుడిచివేతకు గురికాకుండా మిగిలిన ప్రతి ఒక్కటే పనికొస్తుంది. కాబట్టి ఒక ఆఫీసులో తప్పులు ఎంత ఆలస్యంగా బయటపడతాయో తెలిస్తే, ప్రతుల సంఖ్య దానంతట అదే తేలుతుంది.

ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో పరిశీలించడం మేలు. ఒడిశాలోని రాయగడ పట్టణంలో తెలుగు వ్యాపారుల లెక్కలు రాసే ఒక ఆఫీసు ఉందని అనుకుందాం. కిరాణా టోకు దుకాణాలు, ఎరువుల డీలర్లు, బట్టల కొట్లవారు దాని ఖాతాదారులు. వారిలో చాలామందికి సరుకు ఇటు బ్రహ్మపురం నుంచీ అటు పార్వతీపురం, విజయనగరం నుంచీ వస్తుంది కనుక, ప్రతి పుస్తకంలోనూ ఒడిశా కొనుగోళ్లు, ఆంధ్ర కొనుగోళ్లు కలిసే ఉంటాయి. లెక్కలు ట్యాలీలో, బిల్లుల స్కాన్లు ఒక ఫోల్డర్‌లో, మొత్తం 40 జీబీ. ఆదివారం మినహా ప్రతి రాత్రీ ఆఫీసు మూశాక రెస్టిక్ అనే ఉచిత ప్రోగ్రాము బ్యాకప్ తీస్తుంది. చాలాచోట్ల కనిపించే లెక్కనే ఈ ఆఫీసు కూడా పాటిస్తోందనుకుందాం: రోజువారీ 7, వారంవారీ 5, నెలవారీ 12. తాత, తండ్రి, కొడుకు పద్ధతిగా పేరుబడిన అమరిక ఇదే. దగ్గరి గతానికి దట్టంగా, దూరపు గతానికి పలచగా ప్రతులు ఉంటాయి.

2024 జులై 9, మంగళవారం నాడు ఒక గుమాస్తా ఖాతాదారుడి పుస్తకంలో ఒకే పేరుతో రెండేసి సార్లు ఉన్న లెడ్జర్లను కలిపి శుభ్రం చేశాడు. ఆ క్రమంలో 14 పార్టీల ఓపెనింగ్ బ్యాలెన్సులు సున్నా అయ్యాయి. ఆ రోజు ఎవరికీ తేడా తెలియలేదు. జీఎస్టీ రిటర్నులకు ఆ నెల అమ్మకాలు, కొనుగోళ్లు కావాలి కానీ పాత బాకీలతో పనిలేదు కనుక, జులై, ఆగస్టు, సెప్టెంబరు రిటర్నులు సజావుగానే వెళ్లాయి. దీపావళికి ముందు పాత బాకీలు వసూలు చేసుకుందామని వ్యాపారి అక్టోబరు 16న పార్టీలవారీ జాబితా అడిగినప్పుడు గానీ విషయం బయటపడలేదు. చెడిపోవడానికీ గమనించడానికీ మధ్య 99 రోజులు గడిచాయి.

ఆ రోజు ఉదయానికి డిస్కులో ఏయే తేదీల ప్రతులు మిగిలి ఉంటాయో చూద్దాం. రోజువారీ 7 అంటే గడిచిన ఏడు రోజులని చాలామంది అనుకుంటారు. రెస్టిక్ లెక్క వేరు: బ్యాకప్ జరిగిన రోజులను మాత్రమే అది లెక్కిస్తుంది. దసరాకు 10 నుంచి 13 వరకూ ఆఫీసు మూసి ఉంటే, మధ్యలో ఒక ఆదివారం కూడా వచ్చింది కనుక, ఏడు ప్రతులు అక్టోబరు 15, 14, 9, 8, 7, 5, 4 తేదీలవి అవుతాయి. సెలవులు దొర్లినంత మాత్రాన ప్రతులు కరిగిపోకపోవడం ఈ పద్ధతిలో ఉన్న మంచి గుణం. వారంవారీ ప్రతి అంటే సోమవారం నుంచి ఆదివారం వరకు ఉన్న వారంలో చివరగా తీసిన ప్రతి. నడుస్తున్న వారం కూడా ఐదింటిలో ఒకటిగా లెక్కకు వస్తుంది కనుక అక్టోబరు 15, 9, 5, సెప్టెంబరు 28, 21 తేదీలవి నిలుస్తాయి. ఇందులో మొదటి మూడూ రోజువారీ లెక్కలో ఉన్నవే. నెలవారీ ప్రతి నెలలో చివరిది. అక్టోబరు 15 నుంచి వెనక్కి సెప్టెంబరు 30, ఆగస్టు 31, జులై 31, జూన్ 29 మీదుగా 2023 నవంబరు 30 వరకు వెళ్తాయి. జూన్ 30 ఆదివారం కనుక ఆ నెల ప్రతి 29వ తేదీది.

ఈ మూడు వరుసలనూ కలిపితే 24 రావాలని అనిపిస్తుంది, కానీ ఒకే ప్రతి రెండు మూడు వరుసల్లో చోటు చేసుకుంటుంది కనుక విడి తేదీలు 20 మాత్రమే. ఇది ప్రోగ్రామును బట్టి మారే విషయమని గుర్తుంచుకోవాలి. బోర్గ్ అనే మరో ప్రసిద్ధ ప్రోగ్రాములో రోజువారీ లెక్కలోకి వచ్చిన ప్రతి వారంవారీ లెక్కలోకి మళ్లీ రాదు. అవే అంకెలతో అక్కడ వారంవారీ ప్రతులు సెప్టెంబరు 21తో ఆగకుండా ఆగస్టు 31 వరకు వెనక్కి వెళ్తాయి. రెండింటికీ అంకెలు ఒకటే, వెనక్కి వెళ్లే దూరంలో మాత్రం మూడు వారాల తేడా ఉంది. అందువల్ల ఒకరి అంకెలు మరొకరు తీసుకునే ముందు, వారు వాడేది ఏ ప్రోగ్రామో తెలుసుకోవాలి.

ఇక పోయిన బ్యాలెన్సుల సంగతి. రోజువారీ ఏడింటిలోనూ, వారంవారీ ఐదింటిలోనూ తప్పు ఉంది. అవన్నీ జులై 9 తరువాతివే. జూన్ 29 నాటి నెలవారీ ప్రతి మాత్రం శుభ్రంగా ఉంది. దాన్ని నేటి పుస్తకం మీద తిరిగి పెట్టకూడదు, పెడితే మూడున్నర నెలల వోచర్లు పోతాయి. పక్కన వేరే ఫోల్డర్‌లోకి దించాలి.

```
restic restore 4f3c2a1b --target E:\juun-29
```

ఇక్కడ `4f3c2a1b` ఉన్న చోట జూన్ 29 ప్రతికి `restic snapshots` చూపించే గుర్తును రాయాలి. దించిన ఫోల్డర్‌ను ట్యాలీలో విడిగా తెరిచి, ఆ 14 పార్టీల ఓపెనింగ్ బ్యాలెన్సులు చూసుకుని, నేటి పుస్తకంలో చేత్తో సరిచేయాలి. ఓపెనింగ్ బ్యాలెన్సు ఏప్రిల్ 1 నాటిది, ఆ తరువాత మారేది కాదు కనుక, పది రోజుల పాతదైన జూన్ 29 ప్రతిలోనూ అంకె సరిగ్గా అదే ఉంటుంది. నెమ్మదిగా మారే సమాచారానికి పలచని నెలవారీ ప్రతులు ఎందుకు సరిపోతాయో ఇక్కడ తెలుస్తుంది.

చెడిపోయినవి ఓపెనింగ్ బ్యాలెన్సులు కాక జులై 1 నుంచి 6 వరకు రాసిన వోచర్లు అయి ఉంటే పరిస్థితి పూర్తిగా మారిపోయేది. జూన్ 29 నాటికి ఆ వోచర్లు ఇంకా రాయలేదు. జులై 31 నాటికి అవి అప్పటికే పోయాయి. రెండు నెలవారీ ప్రతుల మధ్య పుట్టి, మధ్యలోనే పోయిన సమాచారం నెలవారీ వరుసలో ఎక్కడా ఉండదు. 12కు బదులు 60 నెలవారీ ప్రతులు ఉంచినా దొరకదు. అటువంటి దాన్ని పట్టుకోగలిగినది జులై 6, శనివారం నాటి వారంవారీ ప్రతి. ఐదు వారాల లెక్కలో అది ఆగస్టు 5, సోమవారం రాత్రి బ్యాకప్ అయ్యాక తుడిచివేతకు గురైంది. నెలనెలా రిటర్ను వేసేవారికి జులై అమ్మకాల జీఎస్టీఆర్-1 గడువు ఆగస్టు 11. కొనుగోళ్లు సరిచూసుకునే జీఎస్టీఆర్-2బి పోర్టల్‌లో తయారయ్యేది 14న. జీఎస్టీఆర్-3బి గడువు 20. అంటే జులై మొదటి వారపు వోచర్లు లేవన్న సంగతి ఏ పనిలో తప్పకుండా బయటపడుతుందో, ఆ పని మొదలయ్యే వేళకే వాటిని కాపాడగల చివరి ప్రతి పోయింది. ఐదు వారాలు అనే అంకె నెల అంటే నాలుగు వారాలు, ఇంకొకటి అదనం అన్న ఆలోచన నుంచి వచ్చింది తప్ప, ఈ ఆఫీసు పనిక్రమం నుంచి రాలేదు.

పనిక్రమం నుంచి లెక్కిస్తే ఇలా ఉంటుంది. నెల 1వ తేదీన రాసిన వోచరు, ఆఖరుకు మరుసటి నెల 20వ తేదీలోపు ఎవరి కంటిలోనైనా పడుతుంది. జులై 1 నుంచి ఆగస్టు 20కి 50 రోజులు, అంటే ఏడు వారాల పైన. నడుస్తున్న వారాన్ని కూడా ప్రోగ్రాము లెక్కలో వేసుకుంటుంది కనుక వారంవారీ ప్రతులు 8 ఉండాలి. అప్పుడు జులై 6 ప్రతి ఆగస్టు 25 వరకు నిలుస్తుంది, 20న తప్పు తెలిసినా చేతిలో ఉంటుంది. మూడు ప్రతులు ఎక్కువైనందుకు అదనంగా పట్టే చోటు ఎంత తక్కువో తరువాత చూద్దాం.

రోజువారీ ప్రతుల పని వేరు. జులై 8న రాసి 9న పోయిన వోచరు ఏ వారంవారీ ప్రతిలోనూ ఉండదు, 8వ తేదీ రాత్రి ప్రతిలో మాత్రమే ఉంటుంది. రోజువారీ ప్రతులు 7 అయితే పండుగలు లేని వారాల్లో అది ఎనిమిది రోజులకే పోతుంది. 14 అయితే పదహారు రోజులు నిలుస్తుంది. శనివారం నాడు వారం మొత్తం వోచర్లను బిల్లుల కట్టతో సరిచూసే ఆఫీసుకు 14 సరిపోతుంది, ఎందుకంటే ఒక శనివారం సరిచూడటం తప్పిపోయినా మరుసటి శనివారానికి ప్రతి మిగిలి ఉంటుంది. అలా సరిచూసే అలవాటు లేని ఆఫీసుకు 30 రోజువారీ ప్రతులు కూడా చాలవు.

ఒక రోజు పుట్టి మరుసటి రోజే పోయి, నెలన్నర తరువాత తెలిసే నష్టానికి ప్రతుల వరుసలో జవాబు లేదు. అయితే దానికి వేరే చోట తేలికైన జవాబు ఉంది. రోజూ ఆఫీసు మూసేముందు ఆ రోజు డేబుక్‌ను పీడీఎఫ్‌గా తీసి, తేదీతో పేరుపెట్టి ఒక ఫోల్డర్‌లో వేస్తే, ఆ ఫైలు తరువాత ఎప్పుడూ మారదు. మారని ఫైలు ఆ ఫోల్డర్‌లో ఉన్నంతకాలం తరువాత తీసే ప్రతి బ్యాకప్‌లోనూ ఉంటుంది. జులై 8 డేబుక్ జులై 31 ప్రతిలోనూ, ఆగస్టు 31 ప్రతిలోనూ దొరుకుతుంది. పుస్తకంలో పోయిన వోచర్లను దాన్ని చూసి మళ్లీ రాసుకోవచ్చు. పాతదాన్ని చెరిపి దానిపైనే కొత్తది రాసే ఫైలుకే పాత ప్రతులు అవసరం. కొత్తవి చేరుతూ పోయే ఫోల్డర్‌కు ఆ అవసరం చాలా తక్కువ. ఈ తేడా గ్రహించిన ఆఫీసు మూడు వరుసల అంకెలను పెంచుకుంటూ పోనవసరం లేదు.

ఫైలువారీ వెర్షన్ల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ఫోల్డర్ సింక్ అవుతోంది కనుక పాత వెర్షన్లు ఎలాగూ ఉంటాయన్న ధీమా చాలామందిలో ఉంది. గూగుల్ డ్రైవ్‌లో మామూలు ఫైలు పాత వెర్షన్లు 30 రోజులు లేదా 100 వెర్షన్లు అన్న పరిమితికి లోబడి ఉంటాయి. ఏదైనా ఒక వెర్షన్‌ను ఎప్పటికీ ఉంచమని విడిగా గుర్తు పెడితే తప్ప దాని ఆయువు అంతే. తొలగించిన ఫైలు ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. పైన చూసిన 99 రోజుల ఉదాహరణకు ఇది ఏ మాత్రం చాలదు. పైగా సంఖ్యతో పెట్టిన పరిమితికి వేరే బలహీనత ఉంది. ఒక ఎక్సెల్ ఫైలు రోజులో పదుల సార్లు సేవ్ అయితే, వంద వెర్షన్లూ కొద్ది రోజుల్లోనే నిండిపోయి, నెల కిందటి మంచి వెర్షన్‌కు చోటు మిగలదు. గంట కిందట చేసిన పొరపాటును సరిదిద్దుకోవడానికి వెర్షన్లు చక్కగా పనికొస్తాయి. నెలల కిందటి పొరపాటుకు మాత్రం, తేదీల వారీగా ఏరి ఉంచిన బ్యాకప్ ప్రతులే దిక్కు.

నెలవారీ వరుసకు 12 అనే అంకె ఏడాదికి పన్నెండు నెలలు కనుక వచ్చిందే. అకౌంట్ల ఏడాది ఆలోచన వేరు. 2023 ఏప్రిల్‌లో రాసిన లెక్కను ఆడిటరు చూసేది 2024 సెప్టెంబరు ప్రాంతంలో. ఆ ఆర్థిక సంవత్సరపు వార్షిక జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-9, గడువు 2024 డిసెంబరు 31. ఏప్రిల్ నుంచి మరుసటి ఏడాది డిసెంబరు వరకు లెక్కిస్తే 21 నెలలు. ఆడిట్ సమయంలో తేడా కనిపించి, 2023 ఏప్రిల్ నెలాఖరుకు ఈ లెడ్జర్ ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే, 12 నెలవారీ ప్రతులున్న ఆఫీసులో జవాబు ఉండదు. గడువులు పొడిగింపుకు గురవడం మామూలే కనుక 21కి కాస్త వెసులుబాటు చేర్చి 24 ఉంచడం సమంజసం.

చోటు లెక్క ఇప్పుడు చూద్దాం. ప్రతి బ్యాకప్‌నూ పూర్తి జిప్ ఫైలుగా ఉంచితే 14, 8, 24 కలిపి నలభైకి దగ్గరగా విడి తేదీలు, ఒక్కోదానికి 40 జీబీ చొప్పున 1,600 జీబీ వరకు కావాలి. రెస్టిక్ వంటి ప్రోగ్రాములు ఇదివరకే దాచిన ముక్కలను మళ్లీ దాచవు, మారిన ముక్కలనే చేరుస్తాయి. రోజుకు 300 ఎంబీ కొత్త సమాచారం చేరుతుందనుకుంటే, 26 పనిరోజుల నెలకు ఎక్కువలో ఎక్కువ 7.8 జీబీ, 24 నెలలకు 187 జీబీ. మొదటి 40తో కలిపి 227 జీబీ దాటదు. ఒక టీబీ డిస్కులో నాలుగో వంతు కూడా కాదు. చోటు కోసం వారంవారీ ప్రతులను ఎనిమిది నుంచి ఐదుకు తగ్గించడం అర్థం లేని పొదుపు.

అయితే ఈ పొదుపులోనే ఒక ప్రమాదం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. నలభై తేదీలూ అవే ముక్కలను పంచుకుంటున్నాయి. మార్చి నుంచి మారని ఒక ముక్క డిస్కులో పాడైతే, అది ఉన్న తేదీలన్నీ ఒకేసారి పాడవుతాయి. అంటే ఆఫీసు దగ్గర ఉన్నవి నలభై ప్రతులు కావు, నలభై తేదీలు చూపించగల ఒకే ప్రతి. ఎన్ని తేదీలు ఉంచాలన్నది ఒక ప్రశ్న, ఎన్ని డిస్కుల్లో ఉంచాలన్నది మరో ప్రశ్న. మొదటిదానికి ఎంత పెద్ద అంకె జవాబుగా వచ్చినా రెండోదానికి అది జవాబు కాదు. రెండో డిస్కు తప్పనిసరి. అది అదే గదిలో, అదే ప్లగ్గుకు తగిలించి ఉండకూడదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి, రాయగడ జిల్లాల్లో వరద తెచ్చింది. గుణుపురం వంటి చోట్ల ఒకే మేడలోని రెండు గదులను రెండు చోట్లుగా లెక్కవేయడం కుదరదని అప్పుడే తెలిసింది. మొదటి డిస్కు ఆరోగ్యాన్ని నెలకోసారి `restic check --read-data-subset=10%` అని నడిపి చూడవచ్చు. అది దాచిన ముక్కల్లో పదో వంతును యాదృచ్ఛికంగా ఎంచుకుని నిజంగా చదివి సరిచూస్తుంది.

పాత ప్రతులను తుడిచే పద్ధతి విషయానికి వస్తే, వయసును బట్టి తుడవడం, సంఖ్యను బట్టి తుడవడం అని రెండు దారులున్నాయి. విండోస్ కంప్యూటర్లలో జిప్ ఫైళ్లుగా బ్యాకప్ తీసుకునేవారు తరచుగా రాసుకునే ఆదేశం ఇది.

```
forfiles /p D:\Backup /m *.zip /d -30 /c "cmd /c del @path"
```

ముప్పై రోజులు దాటిన జిప్‌లన్నింటినీ ఇది తుడిచేస్తుంది. బ్యాకప్ సక్రమంగా నడిచినంతకాలం ఇబ్బంది లేదు. డిస్కు నిండడం వల్లనో, పాస్‌వర్డు మారడం వల్లనో ఒక రోజు బ్యాకప్ ఆగిపోతే, తుడిచే ఆదేశం మాత్రం ఆగదు. ప్రతి రోజూ ఒక్కో పాత జిప్ పోతూ, ముప్పై రోజులకు ఫోల్డర్ ఖాళీ అవుతుంది. ఆ నెల రోజుల్లో ఎవరికీ ఏ హెచ్చరికా రాదు. బ్యాకప్ జరిగిన రోజులనే లెక్కించే పద్ధతిలో ఈ ప్రమాదం లేదు. కొత్తవి రాకపోతే పాతవి కదలవు. ఏ పద్ధతి పాటించినా, కొత్త ప్రతి సక్రమంగా తయారైన తరువాతే తుడిచివేత మొదలయ్యేలా రెండు ఆదేశాలనూ `&&`తో కలిపి రాయాలి. అప్పుడు మొదటిది విఫలమైతే రెండోది నడవదు. కొన్ని ఫైళ్లు చదవలేకపోయినా రెస్టిక్ దాన్ని వైఫల్యంగానే చెబుతుంది కనుక, సగం సగం బ్యాకప్ తీసి పాతవి తుడిచే పరిస్థితి రాదు.

```
restic backup D:\Accounts && restic forget --keep-daily 14 --keep-weekly 8 --keep-monthly 24 --keep-tag FY2023-24 --prune
```

కొత్త అంకెలు అమలు చేసే ముందు, `forget` భాగాన్ని విడిగా `--dry-run` చేర్చి నడపాలి. ఏదీ తుడవకుండానే, ఏ ప్రతి ఉంటుందో, ఏ కారణంతో ఉంటుందో, ఏవి పోతాయో అది జాబితాగా చూపిస్తుంది. ఆ జాబితాలోని తేదీలను ఆ ఆఫీసు పనిక్రమంలోని తేదీలతో పక్కపక్కన పెట్టి చూస్తే, పైన చెప్పిన జులై 6 వంటి లోటు ముందే కనబడుతుంది. పోతాయని చూపిన వాటిలో అవసరమైన తేదీ ఏదైనా కనిపిస్తే, అంకె పెంచడానికి అదే సమయం.

గమనించడంలో ఆలస్యాన్ని తగ్గించడం కూడా ప్రతుల లెక్కలో భాగమే. పై ఉదాహరణలో ఓపెనింగ్ బ్యాలెన్సులు సున్నా అయిన క్షణం నుంచే ట్యాలీ తన ట్రయల్ బ్యాలెన్స్‌లో `Difference in opening balances` అనే వరుసను చూపిస్తూనే ఉంది. ఏడాది మధ్యలో దాన్ని చూసే అలవాటు లేకపోవడం వల్లనే 99 రోజులు పట్టింది. ప్రతి శనివారం ఖాతాదారుడివారీగా ఆ వరుసలోని అంకెనూ, ట్రయల్ బ్యాలెన్స్ మొత్తాన్నీ ఒక పుస్తకంలో రాసుకుని ఉంటే, జులై 13నే తేడా తెలిసేది, 8వ తేదీ రాత్రి ప్రతి అప్పటికి చెక్కుచెదరకుండా ఉండేది, నెలవారీ ప్రతి జోలికి వెళ్లే అవసరమే వచ్చేది కాదు. అలా రాసుకున్న అంకెలు మరో పనికీ వస్తాయి. నెలకోసారి మూడు వరుసల నుంచి ఒక్కో ప్రతిని పక్క ఫోల్డర్‌లోకి దించి, ట్యాలీలో తెరిచి, ఆ తేదీకి పుస్తకంలో రాసి ఉన్న మొత్తంతో పోల్చితే, ప్రతి తెరుచుకుంటుందన్న సంగతితో పాటు లోపలి లెక్క సరైనదన్న సంగతి కూడా రుజువవుతుంది. ఫైలు ఉందని చూసి తృప్తిపడటం సరిచూడటం కాదు.

చివరిగా ఏడాది ప్రతులు. రెస్టిక్‌లోని `--keep-yearly` క్యాలెండర్ ఏడాదిలో ఆఖరి ప్రతిని, అంటే డిసెంబరు 31 నాటిదాన్ని ఉంచుతుంది. మన ఆర్థిక సంవత్సరం ముగిసేది మార్చి 31న. ఆ రోజు ప్రతి కూడా చాలదు, ఎందుకంటే తరుగుదల, సవరణ ఎంట్రీలు ఆడిట్ పూర్తయ్యేవరకు పడుతూనే ఉంటాయి. అందుచేత ఏడాది ప్రతిని తేదీని బట్టి కాక, సంఘటనను బట్టి ఎంచుకోవాలి. జీఎస్టీఆర్-9 దాఖలు చేసిన రోజున ప్రత్యేకంగా ఒక బ్యాకప్ తీసి `--tag FY2023-24` అని గుర్తు పెట్టి, తుడిచే ఆదేశంలో `--keep-tag`తో దాన్ని మినహాయించాలి. ఆ రోజునే ట్రయల్ బ్యాలెన్స్, లెడ్జర్లు పీడీఎఫ్‌గా కూడా తీసి అందులో చేర్చాలి, ఎందుకంటే ఆరేడేళ్ల తరువాత పాత డేటాను తెరవగల ప్రోగ్రాము అదే కంప్యూటర్‌లో ఉంటుందన్న హామీ లేదు.

ఈ ప్రతి ఎంతకాలం ఉంచాలన్నది చట్టమే చెబుతుంది. కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. 2023-24కు గడువు 2024 డిసెంబరు 31 కనుక, ఆ ప్రతి 2030 డిసెంబరు 31 వరకు ఉండాలి. ఏ సమయంలో చూసినా ఇటువంటి ఏడాది ప్రతులు ఆరు ఉంటాయి. ఆ ఏడాదికి సంబంధించి అప్పీలో, విచారణో నడుస్తుంటే, అది తుదిగా తేలిన తరువాత ఒక సంవత్సరం, లేదా మామూలు 72 నెలలు, వీటిలో ఏది ఆలస్యంగా ముగిస్తే అంతవరకు ఉంచాలి. కాబట్టి ఏటా జనవరిలో గడువు తీరిన ఏడాది గుర్తును తుడిచే ఆదేశంలోంచి తీసివేసే ముందు, ఆ ఏడాది మీద నోటీసు పెండింగులో ఉన్న ఖాతాదారులు ఎవరైనా ఉన్నారేమో ఆఫీసు రిజిస్టరులో చూసుకోవాలి. ఒక్కరున్నా ఆ ప్రతిని మొత్తంగా అలాగే కొనసాగించాలి.